లోయ మీద చూపు, గట్టు మీద చిక్కు



నూజివీడు పేరు వింటే ఎవరికైనా చిన్న రసాలు, పెద్ద రసాలు, బంగినపల్లి గుర్తొస్తాయి. మైక్రోవేవ్ లింకులు వేసే ఇంజనీరుకు మాత్రం కాయ కంటే చెట్టు తల మీదే ధ్యాస. ఈ మామిడి ఇవాళ ఎంత ఎత్తుంది? ఇంకో పదేళ్లకు ఎంతవుతుంది? గట్టు మీద తాటిచెట్లున్నాయా? ఆ పక్క చేలో జామాయిల్ మొక్కలు కొత్తగా నాటారా? తోటల దారిన నడుస్తూ అతను వేసుకునే ప్రశ్నలివి.

నూజివీడు నుంచి ఈశాన్యంగా, కొంచెం ఉత్తరానికి మొగ్గుతూ గీత గీస్తే చింతలపూడి వస్తుంది. నేరుగా కొలిస్తే దూరం 34 కిలోమీటర్లకు అటూ ఇటూ. నడుమ తమ్మిలేరు పారుతుంది. ఖమ్మం వైపు కొండల్లో పుట్టి, నాగిరెడ్డిగూడెం జలాశయంలో కాస్త ఆగి, ఏలూరు మీదుగా కొల్లేరులో కలిసే వాగు అది. ఒకప్పుడు ఇటు కృష్ణా జిల్లా, అటు పశ్చిమ గోదావరి. 2022 ఏప్రిల్ నుంచి రెండు ఊళ్లూ ఏలూరు జిల్లాలోనే ఉన్నాయి. ఈ రెండింటి మధ్య 7 గిగాహెర్ట్జ్ లింకు వేయాలంటే టవర్లు ఎంత ఎత్తుండాలో ఈ ప్రసంగంలో లెక్క కట్టి చూద్దాం. దూరం అసలుదే. నేల ఎత్తులు మాత్రం లెక్క నడవడానికి అనుకున్నవి; పనిలోకి దిగితే వాటిని సర్వే చేసి తేవాల్సిందే.

కొత్తవాళ్ల చూపు ముందు ఏటి మీద పడుతుంది. లోయ కదా, నడుమ అంతా ఖాళీ, ఇక తరంగానికి అడ్డేముంది అనుకుంటారు. ఒక టవర్ మీంచి బైనాక్యులర్స్‌తో చూస్తే రెండో టవర్ మీది దీపం కనిపిస్తుంది కూడా. అయినా లింకు సరిగా పనిచేయకపోవచ్చు. కంటికి సన్నని గీత చాలు. రేడియో తరంగానికి ఆ గీత చుట్టూ చోటు కావాలి.

ఎంత చోటు కావాలో చెప్పిన లెక్కకు మూలం రేడియో పుట్టకముందే ఉంది. ఆగస్టిన్ ఫ్రెనెల్ ఫ్రాన్సులో రోడ్లు, వంతెనలు కట్టే ప్రభుత్వ ఇంజనీరు. వెలుగు తరంగమని నిరూపిస్తూ 1818లో ఫ్రెంచి సైన్సు అకాడమీ పోటీకి ఒక వ్యాసం పంపాడు. న్యాయనిర్ణేతల్లో ఒకడైన పాయిసన్‌కు ఆ వాదం గిట్టలేదు. ఈ లెక్కే నిజమైతే గుండ్రటి బిళ్ల నీడకు నట్టనడుమ వెలుగు చుక్క ఉండాలి, అది అసంబద్ధం కదా అన్నాడు. మరో సభ్యుడు అరాగో చిన్న లోహపు బిళ్ల పెట్టి ప్రయోగం చేశాడు. చుక్క కనిపించింది. బహుమతి ఫ్రెనెల్‌కే దక్కింది. అడ్డంకి ఉన్నంత మాత్రాన తరంగం ఆగిపోదని, అడ్డంకి అంచు పక్కగా వెళ్లే భాగాలు అవతల ఒకదానితో ఒకటి కలిసి కొన్నిచోట్ల బలపడతాయని, కొన్నిచోట్ల చెరిపేసుకుంటాయని అప్పుడు తేలింది. మన తోటల మీదుగా పోయే లింకుకూ అదే సూత్రం.

7 గిగాహెర్ట్జ్ తరంగం నిడివి 4.3 సెంటీమీటర్లు. అందులో సగం 2.1 సెంటీమీటర్లు. నూజివీడు డిష్ నుంచి చింతలపూడి డిష్‌కు నేరుగా ఒక దారి. మధ్యలో ఏదో ఒక బిందువుకు పక్కకు వెళ్లి, అక్కడి నుంచి చేరే దారి మరొకటి. ఈ రెండో దారి మొదటిదానికంటే సరిగ్గా సగం నిడివి ఎక్కువయ్యే బిందువులన్నిటినీ కలిపితే మొదటి ఫ్రెనెల్ జోన్ హద్దు వస్తుంది. దాని ఆకారం కదురులా ఉంటుంది: రెండు కొసలూ సన్నం, నడుము లావు. 34 కిలోమీటర్ల దారికి సరిగ్గా మధ్యలో దాని వ్యాసార్ధం 19 మీటర్లు. అంటే 19 మీటర్లు పక్కకు తప్పుకుని వెళ్లినా మొత్తం దారి పెరిగేది రెండు సెంటీమీటర్ల పైచిలుకే. అంత దూరాన ఉన్న చెట్టు తల కూడా లింకును తాకడానికి కారణం ఇదే.

వ్యాసార్ధం కట్టే సూత్రం సులువే. రెండు కొసల నుంచి ఆ బిందువుకున్న దూరాలను కిలోమీటర్లలో హెచ్చవేసి, మొత్తం దూరంతోనూ గిగాహెర్ట్జ్‌లోని ఫ్రీక్వెన్సీతోనూ భాగించి, వర్గమూలం తీసి, 17.3తో గుణిస్తే మీటర్లలో జవాబు వస్తుంది. ఫ్రీక్వెన్సీ తగ్గితే జోన్ లావెక్కుతుంది. ఇదే దూరానికి 2.4 గిగాహెర్ట్జ్ వాడితే మధ్యలో వ్యాసార్ధం 19 నుంచి 32 మీటర్ల పైకి పోతుంది. వెలుగు వాడితే ఇది పూర్తిగా తిరగబడుతుంది. ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ కోసం 2,000 కాంతి లింకులు ఇస్తామని గూగుల్ సోదర సంస్థ ఎక్స్ 2017 డిసెంబరులో ప్రకటించింది. ఆ పరారుణ కాంతికి 20 కిలోమీటర్ల దూరాన మధ్యలో జోన్ వ్యాసార్ధం దాదాపు 9 సెంటీమీటర్లే. చెట్ల బెడద అక్కడ చాలా తక్కువ. పొగమంచు బెడద మాత్రం ఎక్కువ.

2.4 గిగాహెర్ట్జ్ ఇబ్బందిని పక్కనున్న డెల్టాలోనే చూశారు. 2000ల నడుమ బైర్రాజు ఫౌండేషన్ పశ్చిమ గోదావరి జిల్లా పల్లెలను వైఫై రేడియోలతో కలిపే అశ్విని అనే ప్రాజెక్టు చేపట్టింది. ఐఐటీ కాన్పూరు నిపుణులు సాంకేతిక సాయం చేశారు. రేడియో పెట్టెలు చవక, ఆ ఫ్రీక్వెన్సీకి లైసెన్సు అక్కర్లేదు. కానీ బల్లపరుపు నేల, దాని మీద కొబ్బరి తోటలు. 15 కిలోమీటర్ల లింకుకు మధ్యలో 22 మీటర్ల వ్యాసార్ధం. దానికి దారి ఇవ్వాలంటే చెట్ల తలలు దాటి టవర్ ఎక్కాలి. ఈ జాలాన్ని ఉదాహరణగా తీసుకుని సయన్‌దీప్ సేన్, భాస్కరన్ రామన్ 2007లో ఒక పరిశోధన పత్రం వెలువరించారు. ఇలాంటి జాలంలో ఖర్చులో సింహభాగం టవర్లదే కాబట్టి, ఏ ఊరికి ఏ ఊరిని కలిపితే ఎక్కడ ఎంత ఎత్తు సరిపోతుందన్నదే వాళ్లు తేల్చాలనుకున్న లెక్క.

మళ్లీ తమ్మిలేటి దగ్గరికి వద్దాం.

జోన్ మొత్తం ఖాళీగా ఉండాలా? అక్కర్లేదు. అడ్డంకి అంచుకూ చూపు గీతకూ మధ్య వ్యాసార్ధంలో 60 శాతం ఎడం ఉంటే, ఖాళీ ఆకాశంలో ప్రయాణించినంత బలమూ అందుతుంది. అంచు సరిగ్గా గీతను తాకితే, కంటికి దీపం కనిపిస్తూనే ఉన్నా, శక్తి నాలుగో వంతుకు పడిపోతుంది. ఇంజనీర్ల భాషలో ఇది 6 డెసిబెల్ నష్టం. అదీ కత్తి అంచులాంటి సన్నని అడ్డంకి అయితేనే. వెడల్పాటి తోపు అయితే నష్టం ఇంకా పెరుగుతుంది.

తర్వాత భూమి గుండ్రదనం. 34 కిలోమీటర్ల నడుమ నేల ఉబ్బెత్తుగా లేస్తుంది. ఎంత లేస్తుందన్నది ఆ రోజు గాలి మీద ఆధారపడుతుంది. మామూలు రోజుల్లో పైకి పోయేకొద్దీ గాలి పలచబడి తరంగాన్ని కొద్దిగా నేల వైపు వంచుతుంది. అందువల్ల భూమి వ్యాసార్ధం 4/3 రెట్లు ఉన్నట్టు లెక్క వేస్తారు. ఆ గుణకాన్ని కె అంటారు. అప్పుడు మధ్యలో ఉబ్బు 17 మీటర్లు. కొన్ని వేళల్లో, ముఖ్యంగా పొగమంచు పట్టే గాలిలో, వంపు తిరగబడి తరంగం పైకి వంగుతుంది. కె 2/3కి పడితే అదే ఉబ్బు 34 మీటర్లవుతుంది. నేల కదలదు, అయినా రాత్రికి రాత్రి మధ్యలో 17 మీటర్ల దిబ్బ లేచినట్టే లింకు ప్రవర్తిస్తుంది.

కాబట్టి రెండు పరీక్షలు పెడతారు. కె 4/3 ఉన్నప్పుడు, 60 శాతంతో సరిపెట్టుకోకుండా, జోన్ నూటికి నూరు పాళ్లూ ఖాళీగా ఉండాలి. కె అడుగంటినప్పుడు కొంత భాగమైనా ఖాళీగా ఉండాలి. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం పి.530 సిఫారసు ఈ రెండో పరీక్షను సమశీతోష్ణ దేశాలకు కాస్త సడలించి, ఉష్ణమండలంలో 30 కిలోమీటర్లు దాటిన దారులకు 60 శాతం కావాలంటుంది. మన లింకు 34. మన ఎండ సంగతి చెప్పనక్కర్లేదు. విదేశీ పుస్తకంలోని 30 శాతం లెక్కను తెచ్చి ఇక్కడ పెట్టేయడం తరచూ జరిగే పొరపాటు. రెండు పరీక్షల్లో ఏది ఎక్కువ ఎత్తు అడిగితే దాన్నే పాటించాలి. ఈ దారికి రెండోదే గట్టిది.

ఇక అంకెలు పెట్టి చూద్దాం. రెండు టవర్ల పాదాలూ ఒకే మట్టంలో ఉన్నాయని, దాన్ని సున్నా అని అనుకుందాం. నడుమ లోయ నేల 15 మీటర్లు కింద. అక్కడ అడ్డం లేదు. 34 మీటర్ల ఉబ్బు, దాని పైన 60 శాతం జోన్‌కు 11.5 మీటర్లు కలిపి, 15 తీసేస్తే చూపు గీత 30.5 మీటర్ల ఎత్తున పోతే చాలు. లోయ వల్ల లాభం ఇంతే.

నూజివీడు వైపు 6 కిలోమీటర్ల దూరాన, లోయలోకి దిగకముందు, ఒక గట్టు ఉందనుకుందాం. నేల 5 మీటర్లు పైకి. దాని మీద 22 మీటర్ల తాటిచెట్ల వరస. పెరుగుదలకు 3 మీటర్లు వదిలితే 25. అక్కడ ఉబ్బు 19.8 మీటర్లు, జోన్‌లో 60 శాతం 8.7. అన్నీ కలిపితే 58.5 మీటర్లు. ఏటి మీద అడిగినదానికి దాదాపు రెట్టింపు ఎత్తును ఈ గట్టు అడుగుతోంది. జోన్ ఇక్కడ మధ్యలో కంటే సన్నగానే ఉంది, ఉబ్బూ తక్కువే. అయినా నేల ఎత్తు, చెట్టు ఎత్తు కలిసి లెక్కను లాక్కుపోయాయి. లోయ దాటే లింకుల్లో చాలామటుకు టవర్ ఎత్తును నిర్ణయించేది గట్టే.

దీనికి రెండు కొసల్లోనూ 58.5 మీటర్ల టవర్లు కట్టాలని ఎవరైనా అంటే డబ్బు ఎక్కువున్నట్టే. గట్టు నూజివీడుకు దగ్గర. అందువల్ల నూజివీడు డిష్‌ను ఒక మీటరు లేపితే గట్టు మీద గీత 82 సెంటీమీటర్లు లేస్తుంది. చింతలపూడి డిష్‌ను మీటరు లేపితే 18 సెంటీమీటర్లే. చింతలపూడిలో 40 మీటర్లకు దించి, నూజివీడులో 62.5కు పెంచితే సరిపోతుంది. అక్కడ 18 మీటర్లకు పైగా ఉక్కు మిగిలింది, ఇక్కడ 4 మీటర్లే ఖర్చయింది. అవతలి గట్టు మీద, చింతలపూడికి 5 కిలోమీటర్ల ఇవతల, సున్నా మట్టంలో పెరుగుదలతో కలిపి 15 మీటర్ల మామిడి తోట ఉందనుకున్నా, అది అడిగేది 40 మీటర్లు, గీత పోయేది 43 మీటర్ల ఎత్తున.

ఇంకా చవకైన ఉపాయం ఉంది. ఆ గట్టు దగ్గర మొదటి జోన్ పూర్తి వ్యాసార్ధమే 14.5 మీటర్లు. తాటి వరస గీతకు అంతకంటే బాగా పక్కగా ఉంటే, ఎంత ఎత్తున్నా పట్టించుకోనక్కర్లేదు. నూజివీడు టవర్ స్థలాన్ని 100 మీటర్లు పక్కకు జరిపితే గట్టు దగ్గర గీత 82 మీటర్లు జరుగుతుంది. తాటిచెట్లు తప్పిపోయి, కింద 15 మీటర్ల మామిడి మాత్రమే మిగిలితే గట్టు అడిగే ఎత్తు 48.5కు దిగుతుంది. నూజివీడు టవర్‌కు 50 మీటర్ల పైచిలుకు చాలు. టవర్ స్థలం కౌలుకు మాట్లాడకముందే తోటల్లో తిరగమని అనుభవజ్ఞులు చెప్పేది ఇందుకే.

తిరగకుండా కంప్యూటర్ ముందు కూర్చుంటే ఏమవుతుంది? చాలామంది వాడే ఉచిత నేల ఎత్తుల పటం 2000 ఫిబ్రవరిలో ఎండెవర్ అంతరిక్ష నౌక 11 రోజుల్లో రాడార్‌తో కొలిచినది. ఆ రాడార్ తరంగం దట్టమైన తోపులో నేల దాకా పోదు, ఆకుల్లో ఎక్కడో ఆగుతుంది. కాబట్టి పాత మామిడి తోట ఉన్నచోట పటంలోని అంకెలో చెట్టు సగం కలిసిపోయి ఉండొచ్చు. దాని మీద మళ్లీ చెట్టు ఎత్తు కలిపితే టవర్ అనవసరంగా పెరుగుతుంది. ఆ తర్వాత వేసిన తోట అయితే పటంలో అసలు ఉండదు. జామాయిల్ అన్నిటికంటే మోసకారి. సర్వే నాడు మోకాలెత్తు మొక్క, ఏడాదికి రెండు మూడు మీటర్ల చొప్పున లేచి, నరికే వేళకు మామిడిని దాటిపోతుంది. మామిడి ఏడాది పొడవునా ఆకుతో ఉండే చెట్టు కాబట్టి ఆకు రాలే కాలంలో నెగ్గుకొద్దామన్న ఆశా ఉండదు.

ఇంత లెక్క చూశాక, పోనీ ఇంకో 10 మీటర్లు లేపేస్తే నిశ్చింత కదా అనిపిస్తుంది. లోయలో అదీ కుదరదు. నేరుగా వెళ్లే తరంగంతోపాటు, కింద నీటి మీద తగిలి పైకి లేచే తరంగం ఒకటుంటుంది. తమ్మిలేటి పక్క చెరువులు, నాట్లు వేసిన వరి మడులు దానికి అద్దాలు. నీటి మట్టం మొదటి జోన్ అంచున ఉంటే ఒకటి, ఇంకా కిందికి పోతే రెండు, మూడు, నాలుగు అంటూ జోన్లను లెక్కపెట్టుకుంటూ పోవచ్చు. నీరు తరంగాన్ని తలకిందులు చేసి పంపుతుంది కాబట్టి బేసి జోన్ అంచున తగిలిన తరంగం నేరు తరంగానికి తోడవుతుంది. సరి జోన్ అంచున తగిలినది దాన్ని చెరిపేస్తుంది.

మన లింకులో 50, 40 మీటర్ల డిష్‌లకు, మామూలు గాలిలో, లోయ నడుమ నీరు చూపు గీతకు 43 మీటర్లు కింద ఉంటుంది. అది అయిదో జోన్ అంచు. బాగుంది. గాలి మారి కె ఒకటికి దిగితే ఉబ్బు 23 మీటర్లకు చేరి, ఎడం 37కు తగ్గుతుంది. అది నాలుగో జోన్‌కు దగ్గర. మధ్యాహ్నం నిక్షేపంగా నడిచిన లింకు ఆ వేళ కుంగిపోతుంది. ఇక్కడ మామిడి తోటే ఆదుకుంటుంది. 50 మీటర్ల డిష్ నుంచి నీటి వైపు దిగే తరంగం మొదటి గట్టు మీది మామిడి తలలకు 3 నుంచి 6 మీటర్ల పైన మాత్రమే పోతుంది. జోన్‌లో సగానికి దగ్గరగా తోట మింగేస్తుంది కాబట్టి అద్దానికి చేరే బలమే తగ్గుతుంది. డిష్‌ను 60 మీటర్లకు లేపితే అదే తరంగం తోటను పూర్తిగా దాటి, నిండు బలంతో నీటిని తాకుతుంది. అప్పుడు అదనంగా పెట్టిన ఉక్కు లింకుకు చేటే చేస్తుంది. అయినా కుంగుబాటు తప్పకపోతే టవర్ మీద 8 నుంచి 10 మీటర్ల కింద రెండో డిష్ బిగిస్తారు. పైదానికి రెండు తరంగాలూ చెరిపేసుకునే వేళ కిందిదానికి తోడవుతాయి. రిసీవర్ ఏది బాగుంటే దాన్ని తీసుకుంటుంది.

లింకు నిలబెట్టాక చిక్కు ఎక్కడుందో మీటరే చెబుతుంది. 1.8 మీటర్ల డిష్ ఈ ఫ్రీక్వెన్సీలో 40 డెసిబెల్ లాభం ఇస్తుంది. 34 కిలోమీటర్ల ఆకాశం 140 మింగుతుంది. రేడియో 27 డీబీఎం పంపితే, రెండు డిష్‌ల 80 కలిపి, 140 తీసేస్తే అవతల మైనస్ 33 రావాలి. కేబుల్ నష్టం వేరు. మైనస్ 50కి దిగువన ఉంటే ముందు అనుమానించాల్సింది డిష్ గురినే. దాని ప్రధాన కిరణం వెడల్పు 1.7 డిగ్రీలే కాబట్టి పక్క కిరణానికి బిగించేయడం తేలిక. డిష్‌ను అటూ ఇటూ పూర్తిగా తిప్పి చూడాలి. గురి సరిగ్గా ఉండి, పగలూ రాత్రీ ఒకేలా మైనస్ 39 దగ్గర నిలిస్తే ఎక్కడో ఒక అంచు గీతను తాకుతోందన్నమాట. పగలు సరిగ్గా ఉండి, తెల్లవారుజామున మాత్రమే ఊగుతుంటే అది గాలి, నీటి పని. ఏటా ఒకటి రెండు డెసిబెల్ చొప్పున జారిపోతూ, ఏదో ఒక వారం హఠాత్తుగా మళ్లీ మైనస్ 33కు చేరితే, ఆ వారం గట్టు మీది జామాయిల్ నరికారేమో కనుక్కోవాలి. పిలకలు మళ్లీ లేస్తాయి. మరో మూడు నాలుగేళ్లకు అదే జారుడు మొదలవుతుంది. ఈలోగా ఆ రైతుతో మాట్లాడుకోవాలి, లేదా టవర్ మీద డిష్‌ను కొన్ని మీటర్లు పైకి జరపాలి.